గేర్‌బాక్స్ మారింది, పాతది పుస్తకాల్లో ఉండిపోయింది

పల్నాడు, నల్లగొండ వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో బారుగా, కాస్త వాలుగా, మెల్లగా తిరిగే ఉక్కు గొట్టాలు కనిపిస్తాయి. అవే కిల్న్‌లు. లోపల సరుకు 1,450 డిగ్రీల దాకా కాగుతుంది. పైనున్న ఉక్కు పాతికేళ్లు నిలవవచ్చు. దాన్ని తిప్పే గేర్‌బాక్స్ అంతకాలం రాదు. మంట ఎక్కువ తగిలేచోట పరిచిన ఇటుకలైతే ఏడాది ఆగడమే గొప్ప.

మరి ఇలాంటి యంత్రానికి తరుగుదల ఎలా కట్టాలి? లెక్క కోసం కిల్న్ ధర 60 కోట్లు, అందులో గేర్‌బాక్స్‌ది 10 కోట్లు అనుకుందాం. మొత్తాన్ని ఒకే ముద్దగా 25 ఏళ్లకు పంచితే ఏటా 2.4 కోట్లు. గేర్‌బాక్స్‌ను విడదీసి పదేళ్లకు పంచితే దానికి ఏటా కోటి, మిగతా 50 కోట్లకు 2 కోట్లు, వెరసి 3 కోట్లు. 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూలు ఇలా విడదీయమనే చెబుతుంది. ధరలో గణనీయమైన వాటా ఉండి, ఆయుష్షు వేరుగా ఉన్న భాగానికి 2015 ఏప్రిల్ 1 నుంచి ఇది తప్పనిసరి.

విడదీయకపోతే ఏమవుతుందో ఎనిమిదో ఏడు ముగిశాక తెలుస్తుంది. గేర్‌బాక్స్ విరిగింది. కొత్తది 14 కోట్లు. విడిగా లెక్క కట్టినవాళ్ల పుస్తకాల్లో పాతదాని విలువ 2 కోట్లే మిగిలి ఉంటుంది. దాన్ని నష్టంగా కొట్టేసి, 14 కోట్లను ఆస్తిగా ఎక్కిస్తారు. ముద్దగా కట్టినవాళ్ల దగ్గర పాతదాని వాటా ఇంకా 6.8 కోట్లు. చాలాచోట్ల దాన్ని తీసేయడమే మరిచిపోతారు. అప్పుడు తుక్కుకు పోయిన గేర్‌బాక్స్ మీద కూడా మరో 17 ఏళ్లు తరుగుదల నడుస్తూనే ఉంటుంది. పాతదాని అసలు ధర విడిగా తెలియదన్న సాకు చెల్లదు. కొత్తదాని ధరను ఆధారం చేసుకుని, అప్పట్లో ఎంత ఉండేదో అంచనా కట్టవచ్చని ప్రమాణమే దారి చూపింది.

ఇటుకల సంగతి తేలిక. ఏడాదిలోపే అరిగిపోయేవైతే ఆ ఏటి ఖర్చులో రాసేయవచ్చు. గ్రీజు, నట్లు, రోజువారీ మరమ్మతులకు చేసిన ఖర్చు ఎంత పెద్దదైనా ఆస్తి కాదు. లాభం తగ్గిన ఏడాది వీటిని ఆస్తుల్లోకి నెట్టాలని చూస్తారు, ఆడిటర్ పట్టుకోవలసింది అక్కడే.

ఇక స్టోర్స్‌లో అట్టిపెట్టిన స్పేర్ గేర్‌బాక్స్. బేరింగులు, ఫిల్టర్ల మాదిరిగా అది సరుకు నిల్వ కాదు. ఏడాదికి మించి పనికొచ్చేది కనుక ఆస్తే. ఒక్కరోజు తిరగకపోయినా, వాడకానికి సిద్ధంగా చేతికొచ్చిన రోజు నుంచే దానికి తరుగుదల మొదలవుతుంది. కిల్న్‌కు మిగిలిన ఆయుష్షును మించి దానికి ఆయుష్షు రాయడం కుదరదు.

ఫ్యాక్టరీ లెక్కలు చూసేవారు ఒక పని చేయండి. పెద్ద షట్‌డౌన్ ముగియగానే తుక్కు అమ్మిన బిల్లులనూ ఆస్తుల రిజిస్టరునూ పక్కపక్కన పెట్టి చూడండి. బిల్లులో ఉన్న భాగం రిజిస్టరులోంచి పోలేదంటే, ఆ ఏడాది లాభం ఉన్నదానికంటే ఎక్కువగా చూపినట్టే.