జీరో ఫీజు అన్నారు, మరి డబ్బులెక్కడ పోయాయి? క్యాష్, డెబిట్ కార్డ్, ఫారెక్స్ కార్డ్ లెక్క

నా మొదటి బ్యాంకాక్ ట్రిప్‌కి ఫారెక్స్ కార్డ్ తీసుకుని, అందులో డాలర్లు లోడ్ చేయించుకుని వెళ్లాను. "జీరో మార్కప్" అన్నారు కదా అని ధీమా. వచ్చాక స్టేట్‌మెంట్ చూస్తే ప్రతి స్వైప్ మీదా 3.5 శాతం కట్! కారణం సింపుల్. కార్డులో ఉన్నది డాలర్, షాపువాడికి కావాల్సింది బాత్. దీన్నే క్రాస్ కరెన్సీ ఫీజు అంటారు. రూపాయి నుంచి డాలర్‌కి మారినప్పుడు ఒక కోత, డాలర్ నుంచి బాత్‌కి ఇంకో కోత.

అందుకే ఫీజు ఎంత అని అడగొద్దు. పది వేల బాత్ నా చేతికి రావాలంటే మొత్తం ఎన్ని రూపాయలు పోతాయి అని అడగండి. లెక్క కోసం మార్కెట్ రేటు బాత్‌కి 2.60 అనుకుందాం, అంటే అసలు ధర 26,000. మిగతా రేట్లు కూడా ఉదాహరణకే, మీరు వెళ్లే రోజు రేట్లు వేసుకోండి.

క్యాష్. సిటీలో మనీ ఛేంజర్ 2.68కి ఇస్తే 26,800, దాని మీద జీఎస్టీ సుమారు 48. అంటే దాదాపు 850 ఎక్కువ. అదే ఎయిర్‌పోర్ట్ కౌంటర్‌లో 2.85 అంటే 2,550 పోతాయి. బోర్డు మీద "నో కమీషన్" అనే ఉంటుంది, నిజమే, కమీషన్ అంతా రేటులోనే ఉంది మరి.

డెబిట్ కార్డ్. థాయ్ ఏటీఎం మన కార్డుకి ఒక్కో విత్‌డ్రాకి 220 బాత్ తీసుకుంటుంది అనుకుందాం. అంటే 10,220 బాత్‌కి 26,572. దాని మీద మన బ్యాంకు మార్కప్ 3.5 శాతం, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 1,097. బ్యాంకు విత్‌డ్రా ఛార్జీ జీఎస్టీతో 177. మొత్తం 27,846, అంటే 1,846 ఎక్కువ. ఇదే పది వేలు రెండేసి వేల చొప్పున ఐదుసార్లు తీశారా, ఏటీఎం ఫీజే 1,100 బాత్!

ఇంకో ట్రాప్. ఏటీఎం స్క్రీన్ మీద రూపాయల్లో లెక్క చూపించి ఒప్పుకుంటారా అంటుంది. మన రూపాయే కదా అని నొక్కేస్తాం. ఆ రేటు ఆ ఏటీఎం వాళ్లది, మార్కెట్ రేటు కంటే బాగా ఎక్కువ ఉంటుంది. "Without conversion" నొక్కండి. ట్రాన్సాక్షన్ క్యాన్సిల్ అవ్వదు, భయం లేదు.

ఫారెక్స్ కార్డ్. బాతే లోడ్ చేయించుకుంటే, 2.66 చొప్పున జీఎస్టీతో 26,648. స్వైప్‌కి వేరే కోత లేదు. కానీ కార్డు ఇష్యూ ఫీజు 354 ఉంటే 27,002 అవుతుంది, అంటే సిటీ క్యాష్ కంటే ఎక్కువే. పెద్ద మొత్తం అయితేనే ఆ ఫీజు గిట్టుబాటు. దీంతో ఏటీఎంలో తీస్తే 220 బాత్ మళ్లీ మామూలే. మిగిలిన బాత్ వెనక్కి ఇస్తే తక్కువ రేటుకే తీసుకుంటారు, కాబట్టి హోటల్, మాల్ ఖర్చు వరకే లోడ్ చేయండి.

నేనైతే ఈసారి స్ట్రీట్ ఫుడ్‌కి, టుక్‌టుక్‌కి సిటీలో కొన్న క్యాష్, హోటల్‌కి బాత్ లోడ్ చేసిన కార్డ్ పట్టుకెళ్తున్నా. డెబిట్ కార్డ్ పర్సులో ఉంటుంది, పర్సు పోతే అదీ పోతుంది కాబట్టి వేరే జేబులో.