వార్తల్లో పదం: కస్టమర్ కాన్సన్‌ట్రేషన్

ఆదాయంలో ఎక్కువ భాగం ఒకరిద్దరు కొనుగోలుదారుల నుంచే వస్తోందని హెచ్చరించేది కస్టమర్ కాన్సన్‌ట్రేషన్ రిపోర్టు. మన అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 108 ప్రకారం, ఆదాయంలో 10 శాతం లేదా అంతకుమించి ఇచ్చే కస్టమర్ల వాటాను కంపెనీ వెల్లడించాలి. పేరు చెప్పనక్కర్లేదు. ఒకే యాజమాన్యం కిందున్న సంస్థలన్నీ ఒక్క కస్టమరే. ఈ వెల్లడి అవసరమే కానీ చాలదు. రావాల్సిన బాకీల్లో వాటానూ విడిగా చూడాలి. సైబరాబాద్‌లో ఒక ఐటీ సంస్థ ఉందనుకుందాం. ఏటా 100 కోట్ల ఆదాయంలో పెద్ద క్లయింటు వాటా 40 కోట్లు. బాకీలు 20 కోట్లయితే, అందులో ఆ క్లయింటువే 14 కోట్లు. అంటే ఆదాయంలో 40 శాతం, బాకీల్లో 70. లెక్కేస్తే ఆ క్లయింటు సొమ్ము రావడానికి సుమారు 128 రోజులు, మిగతావారిది 37 రోజులు. జీతాలు మాత్రం ప్రతి నెలా ఇవ్వాల్సిందే.

పెద్ద క్లయింటు బాకీ ఎగ్గొట్టదు కదా అంటారు. నిజమే, కానీ ఎగవేత ఒక్కటే ముప్పు కాదు. పని తగ్గించవచ్చు, రేట్లు కోయవచ్చు. పెద్ద కంపెనీలూ ఇలా ఒకే క్లయింటుపై ఆధారపడొచ్చు: 2009లో హైదరాబాద్ సత్యంను చేజిక్కించుకునేనాటికి టెక్ మహీంద్రా ఆదాయంలో సగానికి పైగా బ్రిటిష్ టెలికాందే. అలా ఆధారపడటం తగ్గడానికి సత్యం క్లయింట్లు తోడ్పడ్డారు. 2013లో రెండూ విలీనమయ్యాయి. చిన్న సంస్థలకు సాధారణంగా ఇలా మరో కంపెనీని కొనే దారి ఉండదు. అందుకే వాళ్లు ఆదాయంలో, బాకీల్లో పెద్ద క్లయింటు శాతాలను ప్రతి నెలా పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.