నాలుగు టిక్కుల పెట్టె

వెనక మూత లేని టీవీ రిమోట్ దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. బ్యాటరీలు జారిపోకుండా దానికి రబ్బరు బ్యాండో సెల్లో టేపో చుట్టి ఉంటారు. ఆ మూత చివర ఉండాల్సిన చిన్న ప్లాస్టిక్ నాలుక ఎప్పుడో విరిగిపోయి ఉంటుంది. స్క్రూ ఒక్కటీ కనిపించని ఎక్స్‌టర్నల్ హార్డ్ డ్రైవ్ పెట్టెను పట్టి ఉంచేవి కూడా ఇలాంటి నాలుకలే. కాకపోతే అవి లోపలివైపు ఉంటాయి, బయటికి కనిపించవు.

మా బావమరిదికి చిన్న ఫోటో స్టూడియో ఉంది. "బావా, డ్రైవ్ లైటు వెలిగి ఆరిపోతోంది. లోపల మూడేళ్ల పెళ్లిళ్లున్నాయి" అంటూ ఒకరోజు దాన్ని సంచిలో పెట్టుకుని వచ్చాడు. పుస్తకంలా నిలబెట్టే రకం అది, లోపల 3.5 అంగుళాల డ్రైవ్, దానికి విడిగా కరెంటు అడాప్టర్. కేబుల్ మార్చి చూశాం, అడాప్టర్ మార్చి చూశాం. వెనక యూఎస్‌బీ సాకెట్ దగ్గర వేలుతో కాస్త కదిపితే కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టేది, నిమిషం తిరక్కుండానే వదిలేసేది. డ్రైవ్ తిరిగే చప్పుడు మాత్రం సాఫీగా ఉంది. అంటే డ్రైవ్ బాగానే ఉంది, సాకెట్ ఉన్న చిన్న బోర్డు దగ్గర తేడా వచ్చింది. డ్రైవ్‌నే బయటికి తీసి వేరే డాక్‌లో పెడితే ఫోటోలు వస్తాయి.

అదే టక్ టక్‌మని కొట్టుకుంటూ ఉంటే పెట్టె ముట్టుకునేవాణ్ని కాదు. అది డ్రైవ్ లోపలి జబ్బు, డేటా రికవరీ వాళ్ల పని. వారంటీ సంగతి కూడా ముందే చెప్పాను: పెట్టె తెరిచిన ఆనవాలు కనిపిస్తే కంపెనీ వారంటీ ఇవ్వననవచ్చు. అతనిది ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఆ బెంగ లేదు.

ఇక నాలుక సంగతి. చెవి దగ్గర సన్నటి పట్టీ, దాని కొసన కొక్కెం, ఎదుటి గోడలో ఆ కొక్కెం పడే గాడి. మూసేటప్పుడు పట్టీ కొంచెం వంగి, కొక్కెం గాడిలో పడగానే తిరిగి నిటారవుతుంది. మనకు వినిపించే 'టిక్' అదే. తెరవాలంటే కొక్కెం గాడి దాటేంతవరకు పట్టీని వంచితే చాలు. అది మామూలుగా ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. మనం స్క్రూడ్రైవర్ దూర్చి మెలిపెడితే అది మూడు మిల్లీమీటర్లు లేస్తుంది. వంపు మూడింతలైతే పట్టీ మొదట్లో పడే సాగుడూ మూడింతలవుతుంది, పట్టీ పుటుక్కుమంటుంది. పైగా స్క్రూడ్రైవర్ బలమంతా ఒక్క బిందువు మీద పడుతుంది కాబట్టి, నాలుక తట్టుకున్నా పెట్టె అంచు చీలుతుంది. వంగిన చోట ప్లాస్టిక్ తెల్లగా పాలిపోతే అది ఆఖరి హెచ్చరిక. అక్కడ చెయ్యి ఆపేయాలి.

రెండో చిక్కు ఇంకా చికాకైంది. ఒక నాలుకను విడిపించి రెండోదాని దగ్గరికి వెళ్లేలోపు మొదటిది మళ్లీ గాడిలో పడిపోతుంది. చాలామంది విసుగెత్తి బలం పెట్టేది ఇక్కడే. కాబట్టి కావలసింది పొడిచే పనిముట్టు కాదు, పొడిచిన చోటే నిలబడి కాపలా కాసే పనిముట్టు. గడువు తీరిన ఏటీఎం కార్డు దానికి సరిపోతుంది. మందం ముప్పావు మిల్లీమీటరు, వంగుతుంది, గీతలు పెట్టదు, ప్లాస్టిక్ కాబట్టి లోపలి బోర్డుకు తగిలినా షార్ట్ అవదు. కొత్త సిమ్ వచ్చే కార్డైనా ఫరవాలేదు. ఒక కార్డును నిలువుగా నాలుగు ముక్కలు చేసి, కొసలను గోళ్లకు వేసే ఆకురాయితో కాస్త పల్చన చేశాను.

ముందు రబ్బరు పాదాలను కొద్దిగా లేపి చూశాను. స్టిక్కర్ మీద బొటనవేలితో నొక్కి చూశాను. ఎక్కడైనా గుంటలా లోపలికి దిగితే దాని కింద స్క్రూ దాక్కుందన్నమాట. దాన్ని వదిలేసి నాలుకలతో పోరాడితే పెట్టె పగలడం ఖాయం. ఇందులో ఏమీ లేవు. ఏసీ గదిలోంచి తెచ్చిన పెట్టెను అరగంట బయట ఉంచాను. చల్లటి ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. హెయిర్ డ్రయ్యర్ పెట్టమంటారు కొందరు. అంచును చేతికి గోరువెచ్చగా తగిలేదాకా అయితే సరే, అంతకు మించితే లోపలున్న డ్రైవ్‌కే చేటు.

ఈ రకం పెట్టె అగ్గిపెట్టెలాంటిది. బయట ఒక తొడుగు, లోపల డ్రైవ్‌ను మోసే చట్రం. వెనక పలక చట్రంలో భాగం. ఆ పలక చుట్టూ వెంట్రుకవాసి సందు కనిపిస్తుంది. అందులో కార్డు అంచు పెట్టి మెల్లగా జరిపాను. ఖాళీ చోట జారింది, నాలుక ఉన్న చోట ఆగింది. ఆగిన ప్రతిచోటా కాగితపు టేపు అంటించి పెన్సిలుతో గీత పెట్టాను. పొడవాటి అంచులకు రెండేసి, మొత్తం నాలుగు. వేరే మోడల్‌లో లెక్క వేరుగా ఉండొచ్చు, అందుకే వెతకడం మానకూడదు.

తర్వాత ఒక్కో గీత దగ్గర ఒక్కో కార్డు ముక్కను తిన్నగా లోపలికి నొక్కాను. మెలిపెట్టలేదు. సెంటీమీటరు లోపలే చిన్న టిక్ వినిపించింది, ముక్క బిగుతుగా నిలిచింది. దాన్ని అలాగే వదిలేసి రెండోదానికి, మూడోదానికి వెళ్లాను. సెంటీమీటరు దాటి దూర్చడం మంచిది కాదు, డ్రైవ్ అడుగున ఉన్న సర్క్యూట్ బోర్డు అక్కడికి దగ్గర్లోనే ఉంటుంది.

నాలుగూ పెట్టాక తొడుగును ఒక చేత్తో పట్టి, వెనక పలకను ఇంకో చేత్తో లాగాను. మూడు మూలలు కదిలాయి, ఒకటి కదల్లేదు. ఇలాంటప్పుడు గట్టిగా లాగకూడదు. కదలని మూలలోనే కొక్కెం ఇంకా గాడిలో ఉందని అర్థం. అక్కడి ముక్కను తీసి రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిపి మళ్లీ నొక్కాను. తడవకు కొంచెం చొప్పున జరుగుతూ చట్రం మొత్తం సొరుగులా బయటికి వచ్చింది.

లోపల డ్రైవ్ నాలుగు రబ్బరు ముక్కల మీద కూర్చుని ఉంది. దాని కొసన అగ్గిపెట్టెంత బోర్డు, సాకెట్ కాళ్లు ఊడి ఊగుతోంది. ఒక స్క్రూ తీసి బోర్డును తిన్నగా వెనక్కి లాగాలి. పక్కకు వంచితే డ్రైవ్ కనెక్టర్‌లోని సన్నటి ప్లాస్టిక్ విరుగుతుంది, అప్పుడు అసలుకే మోసం. డ్రైవ్‌కున్న లోహపు మూత జోలికి మాత్రం పోకూడదు. లోపల పడ్డ దుమ్ము కణమొక్కటే రీడింగ్ హెడ్‌ను పాడుచేయగలదు.

12 వోల్టుల అడాప్టర్ ఉన్న డాక్‌లో పెట్టగానే ఫోల్డర్లన్నీ వచ్చేశాయి. అందరికీ ఇలా జరగదు. కొన్ని మోడళ్లలో మనం పాస్‌వర్డ్ పెట్టకపోయినా ఆ చిన్న బోర్డే డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. అలాంటప్పుడు స్క్రీన్ మీద "You need to format the disk" అని వస్తుంది. దానికి సరే అనకూడదు. అదే మోడల్ బోర్డు మరొకటి వెతికి తగిలించాలి, లేదా పాత బోర్డుకు కొత్త సాకెట్ సోల్డర్ చేయించాలి. జేబులో పట్టే కొన్ని 2.5 అంగుళాల వాటిలో విడి బోర్డే ఉండదు, యూఎస్‌బీ సాకెట్ డ్రైవ్ బోర్డుకే అతికి ఉంటుంది. వాటికి పెట్టె తెరిచినా డాక్ పనికిరాదు, సాకెట్ మార్చాల్సిందే.

ఫోటోలన్నీ కొత్త డ్రైవ్‌లోకి వెళ్లేసరికి రాత్రి పదకొండయింది. ఖాళీ పెట్టెను తిరిగి మూస్తే మూడు టిక్కులే వినిపించాయి. ఆ మొండి మూలలో నాలుక మొదలు తెల్లబడి ఉంది. మా బావమరిది దాన్ని ఒకసారి చూసి, టేబుల్ మీదున్న రిమోట్‌కు చుట్టిన రబ్బరు బ్యాండ్ తీసి దానికి వేశాడు.