పైపు దారిని తేల్చే అంకెలు

కిడ్నీ జబ్బుతో నలిగిపోయిన ఉద్దానం పల్లెలకు హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లు తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. హిరమండలం నుంచి పలాసకు పటం మీద తిన్నగా గీత గీస్తే సుమారు 50 కిలోమీటర్లు. ఆ గీత వెంటే పైపు వేయడం కుదరదు. మధ్యలో గుట్టలు, వరి పొలాలు, ఊళ్లు, అవి దాటాక జీడి తోటలు. ఆ పథకానికి దారిని ఎలా ఎంచారన్నది ఇక్కడి విషయం కాదు. ఇలాంటి నేల మీద ఖర్చు తక్కువ దారిని కంప్యూటర్ ఎలా లెక్కిస్తుందో, ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో చూద్దాం.

మొదట నేలంతటినీ 30 మీటర్ల గళ్లుగా విడగొడతారు. ప్రతి గడికీ ఎత్తు తెలియాలి. 2000లో అమెరికా వ్యోమనౌక రాడార్‌తో కొలిచిన ఎత్తులు ఇప్పుడు అందరికీ ఉచితంగా దొరుకుతున్నాయి. పక్క గళ్ల ఎత్తులతో పోల్చి వాలు కడతారు. ఆ గడిలో ఉన్నది పొలమా, తోటా, అడవా, ఊరా అన్నది ఉపగ్రహ చిత్రాల నుంచి తయారైన భూవినియోగ పటం చెబుతుంది. ఇక వాలుకు 1 నుంచి 10 దాకా ఒక అంకె, నేల రకానికి మరో అంకె వేస్తారు. బీడుకు 1, వరి పొలానికి 4, ఊరికి 9 అనుకుందాం. ఇవి రూపాయలు కావు, ఒకదానితో ఒకటి పోల్చడానికి వేసే అంకెలు. రెండింటినీ కలిపితే ఆ గడి ఖర్చు వస్తుంది. ఇలా గడిగడికీ అంకె ఉన్న పటమే కాస్ట్ రాస్టర్.

ఒక గడి నుంచి పక్క గడికి వెళ్లే ఖర్చు ఆ రెండింటి సగటు. మూలగా వెళితే దూరం పెరుగుతుంది కాబట్టి దాన్ని 1.414తో గుణిస్తారు. కంప్యూటర్ హిరమండలం దగ్గర మొదలుపెట్టి, అప్పటిదాకా పోగైన ఖర్చు ఎక్కడ అన్నిటికన్నా తక్కువో ఆ గడి నుంచే ముందుకు జరుగుతుంది. ప్రతి గడీ తన దగ్గరికి ఎటు నుంచి వచ్చారో గుర్తుంచుకుంటుంది. చివరికి పలాస నుంచి ఆ గుర్తులు పట్టుకుని వెనక్కి నడిస్తే దారి దొరికినట్టే. ఈ పద్ధతిని డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1959లో ప్రచురించాడు. ఉచితంగా దొరికే గ్రాస్ సాఫ్ట్‌వేర్‌లో దీనికి రెండు ఆదేశాలు చాలు:

```
r.cost input=cost output=total outdir=dir start_points=hiramandalam
r.drain -d input=total direction=dir output=route start_points=palasa
```

లెక్క ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది. తప్పు జరిగేది దానికిచ్చిన అంకెల్లో. వాలుకు 60 శాతం, నేల రకానికి 40 శాతం ప్రాధాన్యం ఇచ్చామనుకోండి. రాళ్ల గుట్టకు వాలు అంకె 8, బీడు కాబట్టి నేల అంకె 1. మొత్తం 5.2. చెరువుకు నేల అంకె 10 వేసినా, నీటి మట్టం బల్లపరుపు కాబట్టి వాలు అంకె 1 మాత్రమే. మొత్తం 4.6. అంటే గుట్ట కన్నా చెరువే చవక! కంప్యూటర్ నిస్సందేహంగా పైపును చెరువులోంచి తీసుకుపోతుంది. దారిని ఉపగ్రహ చిత్రం మీద పరిస్తే ఈ తప్పు వెంటనే కంటబడుతుంది. పెద్ద అంకె వేస్తే చాలదు, పోకూడని గళ్లను ఖాళీగా వదిలేయాలి. ఖాళీ గడిలోకి ప్రోగ్రాం అడుగుపెట్టదు. అప్పుడు బయలుదేరే చోటును కూడా జలాశయం నీళ్లలో కాక గట్టు మీద గుర్తించాలి.

ఇంతకన్నా లోతైన లోపం ఇంకోటుంది. గడిలోని వాలు కొండవాలు, పైపు వాలు కాదు. కొండను అడ్డంగా చుట్టి వెళ్లే పైపు దాదాపు సమతలంగానే ఉండొచ్చు, నిట్టనిలువుగా ఎక్కే పైపు అలా ఉండదు. ఈ లెక్కకు రెండూ ఒకటే. తవ్వకం ఖర్చుకు అది కొంతవరకు సరిపోతుంది గానీ నీటికి సరిపోదు. నీటిని ప్రతి 10 మీటర్లు పైకి ఎత్తడానికి చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఒత్తిడి కావాలి. అందుకే దారి వచ్చాక దాని పొడవునా ఎత్తులు తీసి గీత గీయాలి. మధ్యలో ఏదైనా మిట్ట, అక్కడికి వచ్చేసరికి నీటికి మిగిలే ఒత్తిడి అందుకోగల ఎత్తును మించితే, ఖర్చు పటం ఎంత చవకని చెప్పినా ఆ దారి పనికిరాదు. లేదా పంపు పెట్టాలి. ఏళ్ల తరబడి కట్టే ఆ కరెంటు బిల్లు కాస్ట్ రాస్టర్‌లో ఎక్కడా ఉండదు.

వాలుకు 60 శాతం అన్నది ఎవరో ఒకరు కూర్చుని అనుకున్న మాటే. అందుకని దాన్ని 40కీ 80కీ మార్చి మళ్లీ నడిపి చూడాలి. మూడుసార్లూ ఒకే చోట నుంచి వెళ్లే ముక్కను నమ్మొచ్చు. దారులు విడిపోయిన చోటికి మాత్రం సర్వేయర్ వెళ్లి చూసి తీరాలి. ఉపగ్రహానికి బీడుగా కనబడేది ఊరి శ్మశానం కావచ్చు, పశువులు మేసే బంజరు కావచ్చు. ఆ సంగతి ఊళ్లో వాళ్లకే తెలుసు.

మీ ఊరి మీదుగా పైపులైను వస్తోందని పటం చూపిస్తే, దానితో పాటు ఏ నేలకు ఏ అంకె వేశారో ఆ పట్టికనూ అడిగి తీసుకోండి.