కన్ఫర్మ్ అయిన ఆర్డర్ ఎందుకు కదలదు?

డబ్బు కట్టిన నిమిషంలోనే ‘ఆర్డర్ కన్ఫర్మ్ అయింది’ అని మెసేజ్ వచ్చేస్తుంది. అవతల ఎవరో మన వస్తువును అరలోంచి తీసి పక్కన పెట్టారని చాలామంది అనుకుంటారు. ఆ మెసేజ్ పంపేది కంప్యూటర్. డబ్బు అందింది, ఆర్డర్ అమ్మకందారు ఖాతాలో చేరింది, అంతవరకే దాని అర్థం. సరుకు ఉందో లేదో అప్పటికి ఏ మనిషీ చూసి ఉండకపోవచ్చు. తర్వాత కనిపించే ‘ప్రాసెసింగ్’ కూడా అంతే. వస్తువు వెతకడం, సరిచూడడం, ప్యాక్ చేయడం, కొరియర్ కోసం ఎదురుచూడడం, అన్నిటికీ అదొక్క మాటే.

ఈ దశకు అమ్మకందారు పెట్టుకునే గడువే హ్యాండ్లింగ్ టైమ్. పార్సెల్ మన ఇంటికి ఎప్పుడు చేరుతుందో అది చెప్పదు. అమ్మకందారు దాన్ని కొరియర్ చేతికి ఎప్పటిలోగా ఇస్తాడో మాత్రమే చెబుతుంది. పైగా దాన్ని పని దినాల్లోనే లెక్కిస్తారు.

ఒక మంగళగిరి చీర సంగతి చూద్దాం. పేజీలో హ్యాండ్లింగ్ టైమ్ మూడు పని దినాలని, మధ్యాహ్నం 2 దాటాక వచ్చిన ఆర్డర్లు మర్నాటి లెక్కలోకి వెళ్తాయని, శని, ఆదివారాలు సెలవని ఉంది. కొనే ఆమె గురువారం రాత్రి 8 గంటలకు డబ్బు కట్టింది. ఆదివారానికి చీర ఇంట్లో ఉంటుందనుకుంది. అమ్మకందారు లెక్కలో శుక్రవారం మొదటి రోజు, సోమవారం రెండోది, మంగళవారం మూడోది. మంగళవారం సాయంత్రం కొరియర్‌కు ఇచ్చినా అతను మాట తప్పినట్టు కాదు. ఆపైన ప్రయాణానికి ఇంకో నాలుగు రోజులు వేసుకుంటే శనివారం అవుతుంది. మధ్యలో పండగొస్తే ఇంకో రోజు. బ్లౌజ్ కుట్టించి పంపమని అడిగి ఉంటే ఆ గడువే వేరు.

కాబట్టి సోమవారం నాడు కంగారు పడక్కర్లేదు. బుధవారం ఉదయానికీ కదలకపోతే మాత్రం అడగాల్సిందే.

అప్పుడు ఎక్కువగా బయటపడే కారణం సరుకు లేకపోవడం. ఉన్న ఒక్క చీరనూ రెండు మూడు సైట్లలో పెడతారు, ఒకచోట అమ్ముడైతే మిగతాచోట్ల తీసేయడం మరిచిపోతారు. కొందరి దగ్గర అసలు సరుకే ఉండదు, ఆర్డర్ వచ్చాక ఇంకొకరి దగ్గర కొని పంపుతారు. దీన్ని పట్టుకోవడానికి ఒక ప్రశ్న చాలు: ‘చీర ఇప్పుడు మీ దగ్గర ఉందా, ఏ తారీఖున కొరియర్‌కు ఇస్తారు?’ సరుకున్నవాడు తారీఖు చెబుతాడు. ‘త్వరలో పంపుతామండీ’ అని మాత్రమే జవాబొస్తే అనుమానించాలి.

ఇంకో తిరకాసు ఉంది. పెద్ద సైట్లు ఆలస్యంగా పంపేవాళ్ల రేటింగ్ తగ్గిస్తాయి. అందుకని కొందరు గడువు ముగిసేలోగా అడ్రస్ లేబుల్ ప్రింట్ చేసేస్తారు. దాంతో ట్రాకింగ్ నంబర్ పుడుతుంది, కొన్ని సైట్లలో ‘షిప్ అయింది’ అని కూడా పడుతుంది. పార్సెల్ మాత్రం వాళ్ల బల్ల మీదే ఉంటుంది. ఆ నంబర్ తీసుకుని నేరుగా కొరియర్ సైట్‌లో చూడండి. వివరాలు అందాయనో, పికప్ కోసం చూస్తున్నామనో మాత్రమే ఉంటే పార్సెల్ ఇంకా వాళ్లకు చేరలేదు. కొరియర్ అబ్బాయి పార్సెల్ తీసుకుని స్కాన్ చేశాకే ఊరి పేరు, టైము పడతాయి. హ్యాండ్లింగ్ టైమ్ నిలబెట్టుకున్నారో లేదో తేల్చేది ఆ మొదటి స్కానే. కొరియర్ ఒకరోజు రాకపోవడం మామూలే. రెండు మూడు పని దినాలు అలాగే ఉంటే మాత్రం అది సాకు.

సరుకు లేనివాళ్లు ఫోన్ చేసి, ‘మీరే క్యాన్సిల్ చేసుకోండి మేడం’ అంటారు. తాము రద్దు చేస్తే ఆ మచ్చ తమ ఖాతాలో పడుతుందని ఈ ఏర్పాటు. వాళ్లనే రద్దు చేయమనండి. మీరే చేయాల్సి వస్తే ‘మనసు మారింది’ అన్న కారణం నొక్కకండి, ఆలస్యమని రాయండి. ఫోన్‌లో చెప్పినదాన్ని సైట్ చాట్‌లోనూ రాయించుకోండి.

ఇక చట్టం సంగతి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, చెప్పిన డెలివరీ గడువు దాటాక వచ్చిన వస్తువును వెనక్కి తీసుకోననడానికి, డబ్బు తిరిగివ్వననడానికి అమ్మకందారుకు వీల్లేదు. తుపాను, వరద లాంటి చేతిలో లేని కారణమైతే వేరు. ఇక్కడ లెక్కకొచ్చేది డెలివరీ తేదీ, హ్యాండ్లింగ్ టైమ్ కాదు. ఆర్డర్ పేజీలో ఆ తేదీ తర్వాత మారిపోవచ్చు. అందుకే కొన్న రోజే దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. సైట్‌లోని ఫిర్యాదుల అధికారికి రాస్తే 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అక్కడ పని జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆర్డర్ నంబర్, మొదట చూపిన తేదీ, కొరియర్ సైట్‌లో కనిపించే స్థితి, ఈ మూడూ దగ్గర పెట్టుకుని మాట్లాడండి.