మినిమమ్ కట్టిన నెలలో కార్డు వడ్డీ లెక్క

క్రెడిట్ కార్డు బిల్లులో రెండు అంకెలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి టోటల్ అమౌంట్ డ్యూ, అంటే ఆ నెల కట్టాల్సిన మొత్తం. రెండోది మినిమమ్ అమౌంట్ డ్యూ, అంటే గడువులోగా కట్టితీరాల్సిన కనీస మొత్తం. మన దేశంలో చాలా కార్డులకు ఈ మినిమమ్ బాకీలో 5 శాతం దగ్గర ఉంటుంది. దానికి ఆ నెల ఈఎంఐలు, రుసుములు, జీఎస్టీ ఉంటే అవి పూర్తిగా కలుస్తాయి. గడువు తేదీకి ఈ చిన్న అంకె కడితే ఆలస్య రుసుము పడదు. బాకీ ఎగవేసినట్టు క్రెడిట్ బ్యూరోలకూ వెళ్లదు. మినిమమ్ చేసే మేలు అంతవరకే. వడ్డీని అది ఆపదు. కార్డు వాడేవారిలో చాలామంది పొరబడేది ఇక్కడే. లేట్ ఫీ పడలేదు కాబట్టి బిల్లు సంగతి ఆ నెలకు తేలిపోయిందనుకుంటారు.

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేటపడుతుంది. ఒక కార్డుకు ప్రతి నెలా 5వ తేదీన బిల్లు తయారవుతుంది. కట్టడానికి గడువు 25వ తేదీ. వడ్డీ నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం. మన దగ్గర మామూలు కార్డులకు ఇది అసాధారణమైన రేటేమీ కాదు. కార్డుదారు మార్చి 10న 24,000 రూపాయలకు ఫ్రిజ్ కొన్నారు. మార్చి 28న ఉగాది బట్టలకు, సరుకులకు 6,000 ఖర్చయింది. పాత బాకీ ఏమీ లేదు. ఏప్రిల్ 5న వచ్చిన బిల్లు మొత్తం 30,000, మినిమమ్ 1,500. చేతిలో డబ్బు సర్దుబాటు కాక ఏప్రిల్ 25న 1,500 మాత్రమే కట్టారు. ఈలోగా ఏప్రిల్ 12న అదే కార్డు మీద మరో 4,000 వాడారు.

మిగిలిన బాకీ 28,500. దాని మీద 3.5 శాతం అంటే వెయ్యికి రెండున్నర రూపాయలు తక్కువ. నోటి లెక్క వేసుకునేవారు వచ్చే బిల్లులో ఇంతే వడ్డీ ఉంటుందనుకుంటారు. కానీ మే 5 బిల్లులో వడ్డీ 1,855 రూపాయలని ఉంటుంది. ఇది పొరపాటు కాదు, మోసమూ కాదు. ఒప్పందపత్రంలో రాసి ఉన్న పద్ధతి ప్రకారమే వచ్చిన అంకె.

తేడా ఎక్కడ వచ్చిందంటే, కార్డు మీద కొన్న వస్తువుకు కొన్నాళ్లు వడ్డీ లేకపోవడం షరతుతో కూడిన సదుపాయం. బిల్లు మొత్తాన్ని గడువులోగా కడితేనే అది వర్తిస్తుంది. కొంత మిగిలిపోతే ఆ మిగిలినదానికి సదుపాయం వెనక్కి పోతుంది. వడ్డీ లెక్క గడువు దాటిన మర్నాటి నుంచి మొదలవదు, వస్తువు కొన్న రోజు నుంచి మొదలవుతుంది. కట్టిన 1,500 ముందుగా పాత ఖర్చుకు జమ అయిందనుకుంటే, ఫ్రిజ్ తాలూకు 22,500 మీద మార్చి 10 నుంచి మే 5 వరకు 57 రోజులకు వడ్డీ పడుతుంది. అది 1,476 రూపాయలు. ఉగాది ఖర్చు 6,000 మీద మార్చి 28 నుంచి 39 రోజులకు 269 రూపాయలు. రోజు వడ్డీ లెక్క తేలికే: బాకీని 42 శాతంతో గుణించి, 365తో భాగించి, ఎన్ని రోజులో అన్నిటితో హెచ్చిస్తే చాలు. బిల్లు వచ్చినప్పుడు ఫోన్‌లోని కాలిక్యులేటర్‌తో ఎవరైనా సరిచూసుకోవచ్చు.

మూడో ముక్క ఏప్రిల్ 12న వాడిన 4,000. ఇది ఇంకా బిల్లులోకే రాలేదు, కట్టే గడువు మే 25 దాకా ఉంది. అయినా దాని మీద 24 రోజులకు 110 రూపాయల వడ్డీ పడుతుంది. పాత బిల్లు బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు కూడా వడ్డీ లేని రోజులు ఉండవు. పాలప్యాకెట్టు కొన్నా, పెట్రోలు పోయించుకున్నా గీకిన రోజు నుంచే మీటరు తిరుగుతుంది. అంకె చిన్నది కాబట్టి ఎక్కువమంది దీన్ని గమనించరు. ఇంటి ఖర్చంతా కార్డు మీదే నడిపేవారికి మాత్రం ఇదే అన్నిటికంటే బరువైన షరతు.

వడ్డీతో లెక్క ముగియదు. మామూలు అప్పుల వడ్డీకి జీఎస్టీ ఉండదు గానీ, క్రెడిట్ కార్డు వడ్డీకి ఆ మినహాయింపు లేదు. 1,855 మీద 18 శాతం అంటే 334 రూపాయలు. దాంతో ఆ నెల భారం 2,189. మే 5 బిల్లు మొత్తం 34,689. కొత్త కొనుగోలునూ దాని వడ్డీనీ పక్కన పెట్టి, పాత 30,000 సంగతే చూస్తే అసలు విషయం బయటపడుతుంది. 1,500 కట్టిన తర్వాత ఆ బాకీ వడ్డీ, పన్నులతో కలిపి 30,559 అయింది. డబ్బు కట్టినా అప్పు పెరిగింది. ఇలా బాకీ నెలనెలా పెరుగుతూ పోయేలా మినిమమ్‌ను నిర్ణయించకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 నాటి ఆదేశాల్లో చెప్పింది. అందుకే కొన్ని బ్యాంకులు పడిన వడ్డీని, పన్నును తర్వాతి బిల్లు మినిమమ్‌లో పూర్తిగా కలిపేస్తాయి. అలాంటి కార్డు అయితే ఈ ఉదాహరణలో మే నెల మినిమమ్ 1,500 దగ్గర ఉండదు, 3,800 దాటుతుంది. మొదటి నెల 1,500తో గట్టెక్కినవారికి రెండో నెల తగిలే దెబ్బ ఇదే.

బాకీ ఏ మొత్తం మీద లెక్కకట్టాలన్న విషయంలో ఒక మార్పు జరిగింది. ఒకప్పుడు కొన్ని కార్డుల్లో కొంత కట్టినా సరే, కట్టిన రోజు దాకా పూర్తి బిల్లు మీద వడ్డీ వేసేవారు. చెల్లింపులు, వాపసులు పోగా మిగిలిన బాకీ మీదే వడ్డీ వేయాలని రిజర్వ్ బ్యాంకు 2024 మార్చిలో సవరించిన ఆదేశాలు చెబుతున్నాయి. మినిమమ్ మాత్రమే కట్టినవారికి ఈ మార్పు వల్ల ఒరిగేది తక్కువ. పై ఉదాహరణలో తేడా 80 రూపాయలకు లోపే. బిల్లులో చాలా భాగం కట్టేసి కాస్త మిగిల్చినవారికే అసలు లాభం. 30,000లో 29,500 కట్టి 500 మిగిల్చితే, పాత పద్ధతిలో 1,470 రూపాయల వడ్డీ. కొత్త పద్ధతిలో ఆ 500 ఫ్రిజ్ బాకీలోనిదే అనుకున్నా 33 రూపాయలు. పొరపాటున వందా రెండొందలు తక్కువ కట్టినందుకు బిల్లులో వెయ్యికి పైగా వడ్డీ కనిపిస్తే, బ్యాంకును రాతపూర్వకంగా లెక్క అడగాల్సిందే.

ఇక ఆలస్య రుసుము. ఇది వడ్డీ కాదు, మినిమమ్ కూడా గడువులో కట్టనందుకు వేసే జరిమానా. బాకీ ఎంత ఉందో చూసి శ్లాబుల ప్రకారం వేస్తారు. 30,000 స్థాయి బాకీకి చాలా కార్డుల్లో ఇది వెయ్యి రూపాయలకు పైనే. 1,100 అనుకుంటే జీఎస్టీతో 1,298 అవుతుంది. ఏప్రిల్ 25న ఆ 1,500 కూడా కట్టకపోతే 2,189 రూపాయల వడ్డీ, పన్నుల భారానికి తోడు ఇది కూడా నెత్తిన పడేది. వడ్డీ కూడా 28,500కు బదులు పూర్తి 30,000 మీద నడిచేది. ఆ లెక్కన మినిమమ్ కట్టడం దండగ కాదు. చేతిలో అంతే ఉన్నప్పుడు అది కట్టడమే సరైన పని.

రుసుము విషయంలో రిజర్వ్ బ్యాంకు రెండు రక్షణలు పెట్టింది. గడువు దాటి మూడు రోజులకు మించి బాకీ ఉంటేనే ఆలస్య రుసుము వేయాలి, అప్పుడే బాకీ పడినట్టు బ్యూరోలకు తెలపాలి. రుసుమును గడువు తర్వాత మిగిలి ఉన్న బాకీ మీదే లెక్కించాలి, మొత్తం బిల్లు మీద కాదు. ఏప్రిల్ 25 గడువు మరిచిపోయినవారు 28 లోపు కట్టినా రుసుము తప్పుతుంది. ఈ వెసులుబాటు రుసుముకే. ఆ మూడు రోజులూ వడ్డీ లేనివని అనుకోకూడదు. కట్టని రుసుములను, పన్నులను అసలులో కలిపి వాటి మీద మళ్లీ వడ్డీ వేయడాన్ని కూడా రిజర్వ్ బ్యాంకు నిషేధించింది. వడ్డీ రేటుకు మాత్రం అలాంటి గట్టి పరిమితి లేదు. ఏడాదికి 30 శాతం మించకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టేసింది. కార్డుదారుకు రేటు మీద పట్టు లేదు గనుక, రోజుల సంఖ్య మీదే పట్టు తెచ్చుకోవాలి.

ఒకసారి మినిమమ్ కట్టాక గడువు తేదీ అన్న మాటకు విలువ పోతుంది. మే 25 దాకా సమయం ఉంది కదా అని ఆగితే, 32,500 అసలు మీద రోజుకు 37 రూపాయల చొప్పున వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. మే 25న బిల్లు పూర్తిగా కట్టేసినా చాలా కార్డుల్లో జూన్ బిల్లులో మే 6 నుంచి 24 వరకు వడ్డీ వస్తుంది. ఈ ఉదాహరణలో అది దాదాపు 710 రూపాయలు, జీఎస్టీతో 838. అంతా కట్టేశాక వచ్చే ఈ తోక వడ్డీని చూసి కార్డుదారులు కస్టమర్ కేర్‌తో గొడవపడుతుంటారు. డబ్బు చేతికందిన రోజే కడితే ఆ తోక చిన్నదవుతుంది.

ఆటోపేలో ఉన్న చిక్కు కూడా చూసుకోవాలి. బ్యాంకు ఖాతా నుంచి బిల్లు దానంతట అదే కట్టుకుపోయేలా ఏర్పాటు చేసేటప్పుడు మొత్తం బిల్లా, మినిమమా అని ఎంపిక ఉంటుంది. మినిమమ్ ఎంచుకుని మరిచిపోయినవారికి లేట్ ఫీ ఎప్పుడూ పడదు. అందుకే అనుమానమూ రాదు. బిల్లులో ఫైనాన్స్ చార్జెస్ లేదా ఇంటరెస్ట్ అన్న వరుస, దాని కింద జీఎస్టీ వరుస నెలనెలా కనిపిస్తున్నాయంటే కారణం ఇదే అయి ఉంటుంది.

ఒక నెల డబ్బు సర్దుకోలేని పరిస్థితి వస్తే, బిల్లులో పెద్ద కొనుగోలు ఒకటి ఉంటే దాన్ని ఈఎంఐగా మార్చమని గడువుకు ముందే అడగడం మేలు. ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ ఉన్నా, ఈఎంఐ రేటు మామూలుగా 42 శాతానికి చాలా తక్కువ. అది కుదరకపోతే మినిమమ్ గడువులో కట్టి, ఆ బాకీ తీరేదాకా కార్డును పక్కన పెట్టి, రోజువారీ ఖర్చుకు నగదో, ఖాతాలోని డబ్బుతో యూపీఐయో వాడాలి.