మూడు వారాల్లో ఒక్క గుర్తు కూడా పడలేదు, ఎందుకు?

పాయింట్ అండ్ ఫిగర్ చార్ట్‌లో టైమ్ ఉండదు. ధర పెరిగితే X, తగ్గితే O, అంతే.

ఒక లెక్క చూద్దాం. బాక్స్ సైజ్ 5 రూపాయలు, రివర్సల్ 3, క్లోజింగ్ ధరలే తీసుకుందాం. షేర్ 500 నుంచి 520కి వెళ్లింది, X కాలమ్ పడింది. తర్వాత మూడు వారాలు 508కీ 522కీ మధ్యే ఊగింది. క్యాండిల్ చార్ట్‌లో ఇవి పదిహేను క్యాండిల్స్, ఎర్రవి చాలానే ఉంటాయి. నేను ఒకప్పుడు ఇలాంటి చోటే భయపడి 509కి అమ్మేసేవాణ్ణి. ఇక్కడ మాత్రం ఒక్క గుర్తు కూడా పడదు. ఎందుకంటే కొత్త X పడాలంటే 525 రావాలి. O కాలమ్ మొదలవ్వాలంటే 520 నుంచి మూడు బాక్సులు, అంటే 505కి దిగాలి. ఒకరోజు 504 దగ్గర క్లోజ్ అయిందనుకోండి, పక్క కాలమ్‌లో 515, 510, 505 దగ్గర మూడు Oలు ఒకేసారి పడతాయి.

కానీ ఆ O కనబడేసరికే 520 నుంచి 16 రూపాయలు పోయాయి, చూశారా? పోనీ అని బాక్స్ 2 పెడితే 6 రూపాయల కదలికకే కాలమ్ మారిపోతుంది, మళ్లీ అదే గోల. 10 పెడితే 490 వచ్చేదాకా O పడదు. నష్టంలో ఉన్నప్పుడు బాక్స్ పెంచి, O పోయిందని సంబరపడటం నేనూ చేశా. అందుకే ఇప్పుడు కొనకముందే సెట్టింగ్ రాసిపెట్టుకుంటా.

ఇంకోటి, ఆ ఊగిసలాట మూడు వారాలు జరిగిందా మూడు రోజులా అన్నది ఈ చార్ట్ చెప్పదు. ఆప్షన్స్ కొన్నవాళ్లకి ఎక్స్‌పైరీ ఉంటుంది కాబట్టి క్యాండిల్ చార్ట్ కూడా పక్కన తెరిచి ఉంచుకోండి.